రిటైరైన గుమాస్తా కథ తిరిగొచ్చింది, ఎక్కడ తేలిపోతోందో చెప్పండి

గోదారిగట్టు
ఒక కథ రాసి పత్రికకి పంపాను. "విషయం బాగుంది కానీ ఇలాంటివి మాకు చాలా వస్తున్నాయి" అని తిరిగొచ్చింది. పూర్తి కథ పెడితే ఎవరూ చదవరు కాబట్టి సారాంశం రాస్తున్నా.

సత్యం గారు మండల తహసీల్దార్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. 2022 జూన్ 30న, 60 నిండి రిటైరయ్యాడు. శాలువా, దండ, గోడ గడియారం. మర్నాడు పొద్దున్నే అలవాటుగా తొమ్మిదిన్నరకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చుంటాడు. పేపరు మొత్తం చదివేస్తాడు, టెండరు ప్రకటనలతో సహా. భార్య కాఫీ ఇస్తుంది. పార్కుకి వెళ్తాడు, అక్కడ వాళ్ళంతా సుగరు, బీపీ మాట్లాడుకుంటుంటారు. కొన్నాళ్ళకి ఉండబట్టలేక ఆఫీసుకి వెళ్తే తన కుర్చీలో కొత్త కుర్రాడు కూర్చుని ఉంటాడు. "ఎవరు కావాలండీ?" అంటాడు. సత్యం గారు ఇంటికొచ్చి పడక్కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంటాడు. అంతే.

ఆఫీసు లేకపోతే తనెవరో తనకే తెలియకపోవడం, అదీ నేను చెప్పాలనుకున్నది. అది కథలోకి ఎందుకు రావట్లేదు?

బెజవాడబాబు
చివర్లో పోయాడా, పడుకున్నాడా?

గోదారిగట్టు
అది పాఠకుడికి వదిలేశానండీ.

బెజవాడబాబు
వాళ్ళు కథని మీకు వదిలేశారు. చెల్లుకి చెల్లు.

మార్నింగ్‌వాక్_మూర్తి
బాధ పడకండి. మా బావగారికీ ఇలాగే అయింది. మీ నాన్నగారిని పొద్దున్న ఐదింటికి లేపి నడకకి తీసుకెళ్ళండి, తర్వాత గుడి కమిటీలో వేయించండి. మనిషి మళ్ళీ మామూలైపోతారు. అన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా? అది మర్చిపోతే పెన్షన్ ఆగిపోతుంది.

గోదారిగట్టు
మూర్తి గారూ, మా నాన్నగారు కాదండీ, కథలో మనిషి. మా నాన్నగారు వ్యవసాయం, ఇంకా రిటైరవలేదు.

పాతదస్త్రం
రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగాను. కథ సంగతి తర్వాత. ముందు ఆ తేదీ చూడండి. ఆంధ్రలో 2022 జూన్ 30న వయసు నిండి రిటైరైన తహసీల్దార్ ఆఫీసు ఉద్యోగి ఒక్కడు కూడా ఉండడు. ఆ జనవరిలోనే 60ని 62 చేశారు. ఆ నెలాఖరుకి దిగిపోవాల్సినవాళ్ళు దండలు ఆర్డరిచ్చి కూడా ఆగిపోయారు. వయసు మీద రిటైర్మెంట్లు మళ్ళీ మొదలైంది 2024 జనవరి చివర్లో. ఉద్యోగుల ఇళ్ళలో మీ కథ చదివినవాళ్ళెవరైనా ఆ మొదటి వాక్యం దగ్గరే పక్కన పెట్టేస్తారు.

2024 జూన్ 30 పెట్టుకోండి. ఎందుకో చెప్తా, సరదాగా ఉంటుంది. మా తరంలో సగం మందికి పుట్టినరోజు జూలై 1. అమ్మకి తెలిసింది వరదలొచ్చిన ఏడని మాత్రమే, తేదీ వేసింది బడిలో హెడ్‌మాస్టరు. నెల ఒకటో తారీకున పుట్టినవాడు అంతకు ముందు నెల ఆఖరి రోజున దిగిపోవాలని రూలు. అంటే ఎవరో పంతులుగారు తోచింది వేసిన తేదీ ఈయన్ని ఉద్యోగంలోంచి దింపుతోంది. మీరు వెతుకుతున్న "నేనెవరు" అక్కడే మొదలైంది కదా?

ఇంకోటి. ఆ జూన్ 30 ఆదివారం. ఆఫీసుకి తాళం. సన్మానం శనివారమే చేసేస్తారు, కానీ కాగితం మీద ఆయన ఆదివారం సాయంత్రం దాకా ఉద్యోగే. సెలవు రోజు ఇంట్లో కూర్చుని ఉండగానే సర్వీసు అయిపోతుంది. రెవెన్యూ వాళ్ళు భూమి లెక్కలకి వాడే ఫసలీ సంవత్సరం కూడా అదే రోజు ముగుస్తుంది. 1433 ఫసలీ ఆయనతో పాటే వెళ్ళిపోయింది. తెల్లారితే 1434. ఆయన లేకుండా మొదలయ్యే మొదటి లెక్క.

గోదారిగట్టు
ఇవేవీ నాకు తెలియవండీ. ఆదివారం సంగతి మాత్రం కచ్చితంగా వాడుకుంటా.

లెక్కలపుస్తకం
62 ఆంధ్రలో మాత్రమే అండి. తెలంగాణలో ఇప్పటికీ 58. కథ అటు మార్చుకుంటే తేదీ గొడవ లేదు.

ఓరుగల్లు_పిల్ల
58 ఎక్కడిదండీ? 2021 మార్చిలోనే 61 చేసిన్రు. మా మేనమామ మూడేండ్లు ఎక్కువ చేసిండు. ఆ మూడేండ్లు మా అత్తమ్మ ప్రశాంతంగా ఉంది.

సుభద్ర_కాకినాడ
ఓరుగల్లు అమ్మాయి నవ్వుతూ అన్నమాటలో నిజముంది. మావారు ట్రెజరీలో చేశారు. కథలో భార్య ఎక్కడుంది? కాఫీ ఇచ్చి వెళ్ళిపోయింది. నేనైతే ఈ కథని ఆవిడ వైపు నుంచి చూస్తాను.

ఆయన ఆఫీసుకి వెళ్ళినన్నాళ్ళూ పది నుంచి ఐదు దాకా ఇల్లు నాది. పని ముగించుకుని పదకొండింటికి పక్కింటావిడతో కూర్చునేదాన్ని. మధ్యాహ్నం రాత్రి మిగిలిన చారన్నం ఓ గిన్నెలో కలుపుకుని టీవీ ముందు తినేదాన్ని. ఎవరికీ వడ్డించక్కర్లేదు. ఆయన దిగిపోయిన మర్నాటి నుంచి పదకొండింటికి "మళ్ళీ ఓ టీ పడుతుందా" అని మొదలు. పక్కింటావిడ గుమ్మం దాకా వచ్చి ఈయన్ని చూసి "తర్వాత వస్తాలే" అని వెళ్ళిపోయేది. కూరలవాడితో బేరం ఆయనే, పనిమనిషికి సూచనలు ఆయనే. పోపులపెట్టె సర్దారు ఒకరోజు. ఇరవై ఏళ్ళుగా చెయ్యి అలవాటుగా వెళ్ళేచోట మెంతులు లేవు.

నేనేమీ ఆయన్ని తిట్టడానికి రాయట్లేదు. ఆయనకి ఉద్యోగం పోయింది నిజమే. నాకు పోయినదానికి పేరు లేదు, శాలువా లేదు. మీ సత్యం గారి ఖాళీ ఆవిడ ఇంట్లోనే పడుతుంది, ఇంకెక్కడ పడుతుంది?

బెజవాడబాబు
పోపులపెట్టె దగ్గర కథ అయిపోయిందండీ నాకు. మిగతావాళ్ళు వెళ్ళిపోవచ్చు.

నాన్‌డీటెయిల్డ్_నాగభూషణం
ఆఫీసుకి వెళ్ళి తన కుర్చీలో ఇంకొకణ్ణి చూసే సీను గురించి. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో 33 ఏళ్ళు లెక్కలు రాసిన గుమాస్తా, చార్లెస్ లాంబ్, 1825లో పెన్షన్ మీద దిగిపోయి కొన్ని వారాలకే దీని మీద వ్యాసం రాశాడు. పాత ఆఫీసుకి వెళ్తే తన డెస్కూ, టోపీ తగిలించుకునే మేకూ కూడా వేరేవాడి వాడకంలో ఉంటాయి. మీ సీనుకి 200 ఏళ్ళు.

కానీ లాంబ్ దాన్ని ముగింపు చేసుకోలేదు, మధ్యలో పెట్టాడు. అంతకు ముందు విడుదలైన ఖైదీలా దిమ్మెరపోతాడు, తర్వాత మెల్లగా ఊరు తిరగడం మొదలెడతాడు. మీరు మధ్యలో ఉండాల్సింది తీసుకెళ్ళి చివర్లో పెట్టి, దాని మీద పడక్కుర్చీ వేశారు.

పాతదస్త్రం
నాగభూషణం గారు చెప్పింది ఒప్పుకుంటా. మా దగ్గర ఇంకో తేడా కూడా ఉంది. "ఎవరు కావాలండీ" అని ఎవరూ అనరు. అంతా లేచి నిలబడతారు. "సార్, రండి సార్, కూర్చోండి సార్" అని టీ చెప్తారు. టీ వచ్చేలోపు ఇద్దరికి ఫోన్లొస్తాయి, ఒకడు కంప్యూటర్ వైపు తిరుగుతాడు. మర్యాదలో లోటు లేదు, కానీ మాట్లాడ్డానికి ఏమీ ఉండదు. అవమానం కన్నా అది కష్టం. అవమానమైతే ఇంటికొచ్చి చెప్పుకోవచ్చు.

చుక్కలభూమి
అందరూ చాలా సున్నితంగా మాట్లాడుతున్నారు, మధ్యలో రాయి వేస్తున్నానని అనుకోకండి. మా తాత పొలానికి పాత రిజిస్టర్లో యజమాని పేరు దగ్గర చుక్కలున్నాయి. దాని కోసం మా నాన్న ఓ ఆఫీసు చుట్టూ తిరిగిన కాలంలో ఇలాంటి ఒక సత్యం గారు ఉండేవాడు. ఫైలు కదలాలంటే ఆయన చెయ్యి తడవాలి. ఆయన రిటైరయ్యాక "నేనెవరు" అనుకున్నాడేమో నాకు తెలియదు. మాకు మాత్రం బాగా తెలుసు ఆయనెవరో.

గుమాస్తా గుర్తింపు అంటే పని మీద ప్రేమే అని ఎందుకు రాస్తారు కథకులు? బల్ల ముందు నలుగురు చేతులు కట్టుకుని నిలబడితే వచ్చే బలుపు, రోజూ జేబులో పడేది, అవి పోవడం కూడా ఖాళీయే కదా. అది రాయండి దమ్ముంటే.

గోదారిగట్టు
మా సత్యం గారు నిజాయితీపరుడండీ.

చుక్కలభూమి
ప్రతి కథలో గుమాస్తా నిజాయితీపరుడే. మరి మా నాన్న దగ్గర తీసుకున్నవాళ్ళంతా ఏ కథల్లోంచి వచ్చారు?

పాతదస్త్రం
చుక్కలభూమి గారూ, మీ కోపం కాదనలేను. నా పక్క సీట్లలో చూశాను. అయితే తీసుకున్నవాడు రిటైరయ్యాక ఖాళీగా ఉండడు. రెండిళ్ళు, ఓ షాపింగ్ కాంప్లెక్స్ అద్దెలు, ప్లాట్ల బ్రోకరీ, ఏదో ఒకటి చూసుకుంటాడు. ఆ కథ వేరు.

చుక్కలభూమి
అందరూ అంత బాగా స్థిరపడరు. రోజుకి రెండొందలు తీసుకున్నవాడికి ఏ కాంప్లెక్సూ లేదు. వాడే ఈ కథకి సరిపోతాడు.

అకౌంట్స్_ఆంజనేయులు
నేనూ గుమాస్తానే, ప్రైవేటు. బియ్యం మిల్లులో లెక్కలు. పీఎఫ్ వాళ్ళ పెన్షన్ ఎంతొస్తుందో తెలుసా? కనీసం 1000 అని 2014లో పెట్టారు, చాలామందికి దానికి కాస్త అటూ ఇటూ. నేను 58కి దిగి, మర్నాడు ఎరువుల కొట్టులో చేరాను. ఖాళీతనం ఫీలవ్వాలన్నా ఒకటో తారీకున ఏదో ఒకటి అకౌంట్లో పడాలండీ. మీ సత్యం గారి బాధ సగం బేసిక్కూ డీఏ ఉన్న బాధ.

బెజవాడబాబు
ఎరువుల కొట్టులో కూడా రిటైరయ్యాక ఓ కథ పంపండి ఆంజనేయులు గారూ.

అకౌంట్స్_ఆంజనేయులు
అప్పటికి కళ్ళు కనబడితే.

మార్నింగ్‌వాక్_మూర్తి
కథ అయినా సరే, ఆయన్ని ఖాళీగా ఉంచకండి. మొక్కలు పెంచమనండి.

పాతదస్త్రం
గోదారిగట్టు గారు మొదట అడిగినదానికి వస్తా. కొంచెం పొడుగవుతుంది.

మీ కథలో ఆయన ఆఫీసులో ఏం చేసేవాడో లేదు. ఏం చేసేవాడో తెలియకపోతే ఏం పోయిందో ఎలా తెలుస్తుంది? మా దగ్గర గుమాస్తాకి పేరు ఉండదు, సీటు ఉంటుంది. ఏ1, బి2, సి1. వచ్చిన ప్రతి కాగితానికీ కరెంటు నంబరు, అంటే ఆఫీసు వరస నంబరు పడుతుంది, ఆ నంబరుకి ముందు సీటు అక్షరం ఉంటుంది. అది ఆయన పర్సనల్ రిజిస్టర్లోకి ఎక్కుతుంది. దాని మీద ఆయన నోటు రాస్తాడు: ఫలానా రైతు అర్జీ, ఫలానా సర్వే నంబరు, రూలు ఇది, గతంలో ఇలా చేశారు, ఉత్తర్వుల కొరకు సమర్పించడమైనది. కింద ఎడంవైపు మూలలో పొట్టి సంతకం. నిర్ణయం మాత్రం ఆయనది కాదు. పైవాళ్ళు "ఓకే" అని రాస్తే అది వాళ్ళ ఉత్తర్వు. రైతు చేతికి వెళ్ళే కాగితం మీద ఈయన పేరు ఉండదు. అంటే ముప్ఫై, నలభై ఏళ్ళు ఆయన రాసినవన్నీ వేరేవాళ్ళ మాటలయ్యాయి. ఇంట్లో ఏదైనా తేల్చమంటే తేల్చలేడు చూడండి, సుభద్ర గారికి తెలిసే ఉంటుంది.

ఆయన్ని రోజూ నిద్ర లేపేది జీతం కాదు, పెండింగు. రిజిస్టర్లో ముగింపు పడని నంబర్లు. ఏడాది మారితే వాటిని కొత్త రిజిస్టర్లోకి ఎత్తి రాసుకుంటాడు. కలెక్టరాఫీసు నుంచి రిమైండరు వస్తే తిట్టుకుంటాడు. కానీ రిమైండరు వచ్చిందంటే ఎక్కడో ఎవరో తన కోసం ఎదురు చూస్తున్నట్టే. ఈ-ఆఫీసు వచ్చాక ఆ పెండింగు మొత్తం ఇంకొకరి ఇన్‌బాక్సులోకి పంపేస్తున్నారు. మునుపు చార్జి అప్పజెప్పడమంటే రెండు, మూడు రోజులు కూర్చుని జాబితా రాసేవాళ్ళం. ఇప్పుడు టీ తాగేలోపు మనిషి ఖాళీ.

ఇక నేను చూసిన ఒక మనిషి. పేరూ ఊరూ అడక్కండి. దిగిపోయాక మొదట్లో రోజూ ఫోన్లు. "సార్, ఆ అసైన్‌మెంట్ ఫైలు ఎక్కడ పెట్టారు?" "సార్, ఆ కోర్టు కేసు కౌంటరు కాపీ?" ఆయన భోజనం మధ్యలో లేచి మాట్లాడేవాడు. విసుక్కుంటూనే, సంతోషంగా. "లోపలి గదిలో, కిటికీ వైపు అలమర, పై నుంచి రెండో అర, చెద తిన్న కట్ట పక్కది." రికార్డు రూము ఆయన తలలో ఉండేది. నెలలు గడిచేకొద్దీ ఫోన్లు తగ్గాయి. కొత్తవాడు నేర్చుకున్నాడు. ఒకరోజు నుంచి మోగలేదు. ఆయన కథ రిటైరైన రోజు మొదలవలేదు, ఫోను ఆగిన రోజు మొదలైంది.

ఒక విషయం మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. ముగించిన ఫైళ్ళకి మా దగ్గర ఆయుష్షు వేస్తారు. ఆర్ డిస్ అంటే ఎప్పటికీ ఉంచాలి, డి డిస్ అంటే పదేళ్ళయ్యాక తీసేయొచ్చు. ఎప్పుడో ఎవరో ఒక ఊరి డి పట్టాల ఫైలుకి, అంటే ప్రభుత్వం పేదలకి అసైన్ చేసిన భూముల ఫైలుకి, పొరపాటున డి డిస్ వేశారు. పదేళ్ళు దాటాక తగలబెట్టాల్సిన కట్టల్లోకి వచ్చింది. ఈయన చూశాడు, తీశాడు. దాన్ని ఆర్ డిస్‌గా మార్చాలంటే పైకి రాయాలి, ఎవరిదో తప్పు బయటపడుతుంది. అందుకని గప్‌చుప్‌గా వేరే ఏడాది కట్టలో పెట్టి కట్టేశాడు. ఆ ఊళ్ళో నలభై కుటుంబాలకి అసలు పట్టా ఎప్పుడిచ్చారో చెప్పే కాగితం అదొక్కటే. అది బతికి ఉందని తెలిసినవాడు ఆయనొక్కడే. చార్జి లిస్టులో రాయలేదు. మర్చిపోయాడా, కావాలనే ఆపుకున్నాడా అని నేను అడిగాను. నవ్వాడు.

బెజవాడబాబు
ఇదండీ కథ.

ఓరుగల్లు_పిల్ల
ఫోన్ రావాలని ఆపుకున్నడు. ఇంకేముంది అండ్ల.

లెక్కలపుస్తకం
ఇది నేరం అండి. ఫైలు దాచితే పెన్షన్ మొత్తం పోతుంది. రిటైరైన తర్వాత ఎన్నేళ్ళకైనా కేసు పెట్టొచ్చు.

పాతదస్త్రం
సగం రైటు. రిటైరయ్యాక కూడా శాఖాపరమైన విచారణ పెట్టొచ్చు, పెన్షన్లో కోత వేయొచ్చు. అయితే కొత్తగా మొదలెట్టాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి, నాలుగేళ్ళకి ముందు జరిగినదాని మీద పెట్టకూడదు. క్రిమినల్ కేసు వేరే దారి. ఇంకో విషయం, ఆయన ఫైలు ఇంటికి తీసుకుపోలేదు. అది ఆఫీసులోనే, రికార్డు రూములోనే ఉంది. తప్పు కట్టలో ఉంది, అంతే. ప్రతి రికార్డు రూములో సగం ఫైళ్ళు తప్పు కట్టల్లోనే ఉంటాయి.

కథలో ఫైలు ఇంటికి తెప్పించారనుకోండి, ఆయన దొంగ అయిపోతాడు, మీ విషయం చచ్చిపోతుంది. అక్కడ జాగ్రత్త.

నాన్‌డీటెయిల్డ్_నాగభూషణం
కాలం కూడా కలిసొస్తోంది. 2024 జూన్ 30న ఈయన దిగాడు. జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు, ఫైళ్ళు కాలిపోయాయి, విచారణ, టీవీల నిండా అదే. మూడు వారాలకి ముందు దాకా ఎవరికీ అక్కర్లేని పాత కట్టల గురించి రాష్ట్రమంతా మాట్లాడుతోంది. సత్యం గారు వరండాలో కూర్చుని ఆ వార్త చూస్తుంటాడు. ఇప్పుడు తనకి తెలిసిన సంగతి గొప్పతనమా, ప్రమాదమా?

పాతదస్త్రం
ఇది నాకు తట్టలేదు. ఆ వారంలో అయితే నోరు విప్పడానికి భయపడతాడు. "ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు" అంటారు. మొదట ఫోను కోసం ఆపుకున్నాడు, ఇప్పుడు భయంతో ఆపుకుంటాడు.

సుభద్ర_కాకినాడ
భార్యకి చెప్తాడా?

పాతదస్త్రం
మా మనిషి చెప్పలేదనుకుంటానమ్మా. ఆఫీసు విషయాలు ఇంట్లో చెప్పే అలవాటు మా వాళ్ళకి తక్కువ.

సుభద్ర_కాకినాడ
మీరు చెప్పరు, మాకు తెలుస్తుంది. నిద్రలో సర్వే నంబర్లు అప్పజెప్తారు. ఆవిడకి ఆ ఫైలు సంగతి తెలుసనీ, తెలుసని ఆయనకి తెలియదనీ రాయండి.

గోదారిగట్టు
రెండు రోజులు ఆగి మళ్ళీ మొదలుపెట్టా. మొదటి పేరాలు ఇలా వచ్చాయి.

"సత్యం గారు ఆదివారం సాయంత్రం ఐదింటికి రిటైరయ్యారు. ఆ సమయానికి ఆయన పెరట్లో లుంగీతో నిలబడి కొబ్బరికాయ ఒలుస్తున్నారు. ఆఫీసుకి తాళం వేసి ఉంది. శనివారం కప్పిన శాలువా కుర్చీ మీద మడత విప్పకుండా ఉంది.

సోమవారం ఒకటో తారీకు. పొద్దున ఆరింటికే వీధిలో హడావిడి. సచివాలయం కుర్రాడు ఫోనూ డబ్బూ పట్టుకుని ఇంటింటికీ పింఛను పంచుతున్నాడు. ఎదురింటి మామ్మ ఏడు వేలు లెక్కపెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టుకుంది. కుర్రాడు సత్యం గారి గేటు దగ్గరికొచ్చి, 'మీకు లేదు కదండీ' అని నవ్వి పక్కింటికి వెళ్ళిపోయాడు. తప్పేమీ అనలేదు. ఆయనది వేరే పెన్షన్, దాని కాగితాలు వేరే ఆఫీసులో ఉన్నాయి. అయినా ఆయన గేటు దగ్గర కాసేపు నిలబడ్డారు. నిన్నటిదాకా ఆ వీధిలో ఎవరికేముందో, ఎవరికేం లేదో చెప్పేది ఆయనే.

'లోపలికి రండి, ఎండ' అంది లక్ష్మి. ఆరున్నరకి ఎండేమిటి అని ఆయన అడగలేదు."

బెజవాడబాబు
కొబ్బరికాయ బాగుంది. పడక్కుర్చీ ఎక్కడా కనబడలేదు, సంతోషం.

అకౌంట్స్_ఆంజనేయులు
ఆ ఏడు వేల లెక్క రైటే. నాలుగు వేలు ఆ నెలది, మూడు నెలల బకాయి వెయ్యి చొప్పున మూడు. మా వీధిలో కూడా అదే రోజు ఇచ్చారు.

సుభద్ర_కాకినాడ
ఆవిడకి పేరు పెట్టారు, సంతోషం. కానీ మళ్ళీ ఆయన్ని ఓదార్చే పనే ఇచ్చారు. ఆ రోజు పదకొండింటికి ఆవిడ ఏం చేయబోతోందో, ఆయన ఇంట్లో ఉన్నాడని ఏది మానుకుందో అదొక్కటి పడాలి.

చుక్కలభూమి
"ఎవరికేముందో చెప్పేది ఆయనే" అన్న వాక్యం నాకు నచ్చింది. అదే నేనన్న బలుపు, మీరు మర్యాదగా రాశారు. ఇప్పుడు అసలు పరీక్ష. ఆ నలభై కుటుంబాల్లో ఒక రైతు ఈయన ఇంటికి వస్తాడు కదా? 2023లో చట్టం మార్చారు, ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమికి హక్కులొస్తాయి అన్నారు. పట్టా ఎప్పుడిచ్చారో రుజువు కావాలి. ఆఫీసులో "ఫైలు దొరకలేదు" అన్నారు. ఎవరో చెప్తే ఈయన గేటు దగ్గరికి వచ్చాడు. వచ్చి అలవాటు ప్రకారం జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీశాడు. సత్యం గారు తీసుకుంటాడా?

ఓరుగల్లు_పిల్ల
తీసుకోడు. ఇన్నొద్దులకు ఒక్కడు వెతుక్కుంట ఇంటికొచ్చిండు, అదే చాలు ఆయనకు.

చుక్కలభూమి
తీసుకుంటాడు. డబ్బు కోసం కాదు. తీసుకుంటేనే ఇంకా సీట్లో ఉన్నట్టు.

పాతదస్త్రం
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. నాకు తెలిసిన మనిషి ముప్ఫై ఏళ్ళు తీసుకోలేదు. సీటు పోయాక తీసుకుంటాడా అంటే... మీరన్న కారణం విన్నాక తీసుకోడని గట్టిగా అనలేకపోతున్నా.

నాన్‌డీటెయిల్డ్_నాగభూషణం
తీసుకున్నా తీసుకోకపోయినా, కట్ట ఎక్కడుందో చెప్తాడా లేదా? చెప్పాడంటే రేపటి నుంచి ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

పాతదస్త్రం
చెప్పే తీరు ఒకటుంది. నోటితో చెప్పడు. రైతు పేరు మీద సమాచార హక్కు దరఖాస్తు తనే రాసిస్తాడు. "ఫలానా ఏడాది కట్టలన్నీ వెతికించి, అందులో ఉన్న ఫలానా గ్రామం అసైన్‌మెంట్ ఫైలు నకలు ఇప్పించగలరు." ఆఫీసుకి అది రైతు అర్జీ. కింద సంతకం రైతుది. ఈయన పేరు మళ్ళీ ఎక్కడా ఉండదు. చెప్పినట్టూ ఉంటుంది, విచారణకి దొరికినట్టూ ఉండదు. మంచి గుమాస్తా చేసే పని అదే.

గోదారిగట్టు
దరఖాస్తు రాస్తున్నప్పుడు భార్య చూస్తుందా?

సుభద్ర_కాకినాడ
రాసేది డైనింగ్ టేబుల్ మీదే కదా, చూడక ఏం చేస్తుంది? పదకొండింటికి రాయించండి. పక్కింటావిడ కూడా ఉంటుంది. ఇద్దరూ ఆయన్ని లేవమనరు, ఆయన కూడా వాళ్ళని పొమ్మనడు.

చుక్కలభూమి
నోట్ల సంగతి తప్పించుకున్నారు అందరూ కలిసి.

గోదారిగట్టు
తప్పించుకోలేదండీ. రైతు నోట్లు టేబుల్ మీద పెట్టి వెళ్తాడు, దాకా వచ్చింది. ఆ తర్వాత రెండు రకాలుగా రాసి చూశాను, రెండూ నిజంలాగే ఉన్నాయి. ఏది పంపాలో ఆదివారం లోపు తేల్చాలి.

మార్నింగ్‌వాక్_మూర్తి
సమాచార హక్కు దరఖాస్తుకి మండలాఫీసులో ఫీజు ఐదు రూపాయలు. తెల్లరేషన్ కార్డుంటే అదీ లేదు. రైతుకి కార్డుందేమో కనుక్కోమనండి.